పిల్లలకో మాట, పెద్దలకో మాట

మన సరిహద్దు పల్లెల్లో ఏ ఇంటికి వెళ్లినా ఈ దృశ్యం కనిపిస్తుంది. హోసూరు వైపు ఒక ఇల్లు అనుకోండి. బడికి వెళ్లే అమ్మాయి తమిళం గడగడా చదువుతుంది. వాళ్లమ్మ తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. అవ్వ పుట్టిల్లు ఆనేకల్ పక్క, కాబట్టి ఆమెకు కన్నడం అలవాటు. అంగట్లోంచి ఒక పొట్లం ఇంటికి వస్తే ముగ్గురూ దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తారు. ఎవరికి వచ్చిన అక్షరం వాళ్లు చదువుతారు, ఎవరికి కావలసిన మాట వాళ్లు వెతుక్కుంటారు. ఆ పొట్లం పిల్లకు ఒకటి చెప్పి, తల్లికి ఇంకొకటి చెప్పిందంటే ఆ సంగతి రాత్రి భోజనాల లోపలే బయటపడుతుంది.

ఇవాళ నేను చెప్పబోయేది ఆ పొట్లం గురించే. ఒక సరుకును పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలూ వాడాలి, వాళ్ల తల్లిదండ్రులూ కొనాలి. ఇద్దరి అభిరుచి ఒకటి కాదు, ఇద్దరి భయాలూ ఒకటి కావు. ఇద్దరితోనూ వాళ్లకు తగినట్టు మాట్లాడాలి. అయినా సరుకు రెండు ముక్కలైపోకూడదు. ఇది పెద్ద కంపెనీల గొడవ, మనకెందుకు అనుకోకండి. మన ఊళ్లో వడియాలు చేసేవారికీ, చెప్పులు కుట్టించి అమ్మేవారికీ, ట్యూషను సెంటరు నడిపేవారికీ ఈ చిక్కు ఉంది. నాకు ఇది తెలిసివచ్చింది ఒక రాగి మాల్టు వ్యాపారి వల్ల. ఆయన పేరు ఇక్కడ అవసరం లేదు. ఆయన అబ్బాయి నా దగ్గర చదువుకున్నాడు.

మూడేళ్ల క్రితం ఆయన రెండు పొట్లాలు చేతిలో పట్టుకుని బడికి వచ్చాడు. "అయ్యవారూ, మీకు రెండు భాషలూ వచ్చుగదా, ఇందులో తప్పేముందో చెప్పండి" అన్నాడు. అచ్చుతప్పులు చూడమంటున్నాడేమో అనుకున్నాను. తప్పు అక్షరాల్లో లేదు.

పొడి మాత్రం చాలా మంచిది. రాగుల్ని పన్నెండు గంటలు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, ఒకటిన్నర రోజు మొలకెత్తనిచ్చి, నీడలో ఆరబెట్టి, సన్నని సెగ మీద వేయించి, మొలక తోకల్ని చేత్తో నలిపి చెరిగి, మరపట్టించేవాడు. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఒక పదార్థం పిండిని కొంత చక్కెరగా విరుస్తుంది. అందుకే మాల్టు కాచినప్పుడు మామూలు రాగిపిండిలాగా గడ్డకట్టదు, కొంచెం తీపి దానంతటదే వస్తుంది. నూరు గ్రాముల పొడిలో సుమారు ఎనభై గ్రాములు రాగి, మిగతాది బెల్లం, చిటికెడు ఏలకులు. అంతే సరుకు.

ఈ ఒక్క పొడినే ఆయన రెండు పేర్లతో అమ్మాడు. పిల్లల కోసం మెరిసే నల్లని చిన్న పొట్లం, ఇరవై గ్రాములు, పది రూపాయలు. దానిమీద కండలు తిరిగిన కుర్రాడి బొమ్మ, ఇంగ్లీషులో మెరుపు ఆకారంలో ఒక పేరు, కింద 'కలుపు, ఊపు, తాగు' అన్న అర్థం వచ్చే తమిళ వాక్యం. పెద్దల కోసం అరకిలో గోధుమరంగు పొట్లం, నూట నలభై రూపాయలు. దానిమీద రోకలి పట్టుకున్న అవ్వ బొమ్మ, తెలుగులో వేరే పేరు, 'మీ బిడ్డ ఎముకలకు బలం, ఎత్తుకు ఎత్తు' అన్న వాక్యం.

పిల్లల పొట్లాన్ని అంగడివాడు చిప్స్ పొట్లాల దండ పక్కన వేలాడదీశాడు. పెద్దల పొట్లం శనగపిండి, మైదా ఉన్న అరమీద కూర్చుంది. కుర్రవాళ్లు పది రూపాయలు పెట్టి కొన్నారు, సీసాలో చల్లని నీళ్లు పోసి ఊపారు, తాగారు. ఇసుక నమిలినట్టుందన్నారు, రెండోసారి కొనలేదు. ఎందుకు కొంటారు? ఈ పొడి పొయ్యిమీద నాలుగైదు నిమిషాలు కాగాలి. కర్ణాటక వైపు హురిహిట్టు అని ఒకటుంది చూడండి, రాగుల్ని పేలాలుగా వేయించి విసిరేది, దాన్ని కాచకుండానే కలుపుకోవచ్చు. ఇది ఆ హిట్టు కాదు. పిల్లలకు నచ్చుతుందని రాసిన 'ఊపు, తాగు' అన్న మాట ఈ సరుకుకు వర్తించదు.

ఇక తల్లుల సంగతి. ఒకావిడ ఇంట్లో రెండు పొట్లాలూ ఒకేరోజు చేరాయి. ఆమె వెనకవైపు చదివింది. అదే చిరునామా, అదే పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు, అవే పదార్థాలు. ధర పక్కన గ్రాముకు ఎంతో కూడా అచ్చు వేయాలన్న నిబంధన ఉందిగదా, అది కూడా చదివింది. పిల్లల దాంట్లో గ్రాము యాభై పైసలు, పెద్దల దాంట్లో ఇరవై ఎనిమిది పైసలు. నేరుగా అంగడికి వచ్చి, "రాగి ఒకటే గదప్పా, నా బిడ్డ చేతిలో డబ్బు చూసి ఎక్కువ గుంజుతావా?" అని అడిగిందట. చిన్న పొట్లానికి కాగితం ఖర్చు, కట్టే కూలి ఎక్కువ పడుతుంది. ఆ మాట నిజమే. కాని రెండు పేర్లు, రెండు ముఖాలు పెట్టినవాడు అది చెబితే నమ్మేదెవరు? మరో ఇంట్లో తల్లి ప్రేమగా కాచి ఇచ్చిన గ్లాసును పదో తరగతి కుర్రాడు పక్కకు జరిపాడు. "అది అవ్వ పొడి, నాకొద్దు" అన్నాడు. వాడు ముందు వారం కొన్నదీ అదే పొడి.

చీలడం అంటే ఇదేనండి. దీన్ని పట్టుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. ఇద్దరితో మాట్లాడేటప్పుడు ఎవరు మాట్లాడుతున్నారో మారవచ్చు, ఏ వేళ గురించి చెబుతున్నామో మారవచ్చు, ముందు ఏ గుణం ఎత్తుకోవాలో మారవచ్చు. కాని 'ఇది ఏమిటి' అన్న ప్రశ్నకు జవాబు మారిందంటే చీలిక మొదలైనట్టే. కుర్రాడిని అడిగితే 'కండలు పెంచే డ్రింకు' అన్నాడు, తల్లిని అడిగితే 'అవ్వకాలం నాటి జావ' అంది. సరుకు ఒకటే, జవాబులు రెండు.

ముఖాలు మార్చకుండా కొత్తవాళ్ల దగ్గరికి వెళ్లడం సాధ్యమా అంటే, సాధ్యమే. పెద్ద ఉదాహరణ ఒకటి మీలో చాలామంది చూసినదే. 1994లో కాడ్‌బరీ డెయిరీ మిల్క్ చాక్లెట్టుకు ఒక టీవీ ప్రకటన వచ్చింది. క్రికెట్ మైదానంలో ఆటగాడు సిక్సరు కొడతాడు, ప్రేక్షకుల్లోంచి ఒక యువతి కాపలావాళ్లను తప్పించుకుని మైదానంలోకి దూకి నాట్యం చేస్తుంది. అప్పటిదాకా మన దేశంలో చాక్లెట్టు అంటే పెద్దలు పిల్లలకు కొనిపెట్టేది. పెద్దవాళ్లు తమకోసం తినడం కొంచెం సిగ్గుగా ఉండేది. ఆ కంపెనీ పెద్దలకోసం వేరే పేరు పెట్టి గంభీరంగా ఒక చాక్లెట్టు తేలేదు. అదే ఊదారంగు కాగితం, అదే పేరు. మారింది తినే మనిషి, తినే సందర్భం. పిల్లలకు చాక్లెట్టు ఇచ్చే సంతోషమే పెద్దల్లోనూ ఉందని చూపించారు. 2021లో అదే ప్రకటనను తిరగేసి తీశారు, ఆడేది అమ్మాయి, మైదానంలోకి దూకేది అబ్బాయి. అప్పుడూ కాగితం రంగు మారలేదు. మన రాగి వ్యాపారి దగ్గర వాళ్ల డబ్బు లేదు సరే, కాని ఈ పద్ధతికి డబ్బుతో పనిలేదు.

నేను ఆయన్ను ముందు అడిగింది ఒక్కటే. పిల్లకూ తల్లికీ ఇద్దరికీ పనికివచ్చే నిజం ఈ పొడిలో ఏముంది? ఆయన వెంటనే 'ఎత్తు' అన్నాడు. పిల్లలకు ఎత్తు కావాలి, తల్లులకూ పిల్లల ఎత్తు కావాలి, రెండూ కలిసిపోయాయి గదా అని. వినడానికి బాగుంది. కాగితం మీద లెక్క వేద్దాం రమ్మన్నాను.

ఒక గ్లాసుకు ఇరవై ఐదు గ్రాముల పొడి. అందులో రాగి ఇరవై గ్రాములు. నూరు గ్రాముల రాగుల్లో సుమారు మూడు వందల యాభై మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, ధాన్యాల్లో అది చాలా ఎక్కువే. మన ఇరవై గ్రాముల్లో ఎంత? డెబ్బై. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు కావాలని 2020లో జాతీయ పోషకాహార సంస్థ వారి పట్టిక చెబుతోంది. వెయ్యిలో డెబ్బై. అదే గ్లాసులో రెండు వందల మిల్లీలీటర్ల పాలు పోస్తే పాలనుంచి రెండు వందల నలభై దాకా వస్తుంది. అంటే గ్లాసులో ఉన్న కాల్షియంలో ముప్పాతిక వంతు ఆవుదో గేదెదో, మన వ్యాపారిది కాదు! ఆయన నవ్వేశాడు గాని, 'ఎత్తు' అన్న మాట కొట్టివేయడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

ఆ మాట ఉంచితే చట్టం చిక్కు కూడా ఉంది. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదారి పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. పిల్లల కోసం చేసే ప్రకటనలకు అందులో ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. తగిన శాస్త్రీయ ఆధారం లేకుండా ఒక వస్తువు వల్ల పిల్లల తెలివీ శరీరశక్తీ పెరుగుతాయని చెప్పకూడదు. 'హెల్త్ డ్రింకు' అన్న మాటా అంతే. ఆహార భద్రత చట్టంలో ఆ మాటకు నిర్వచనమే లేదు. ఆ కారణం చూపి 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, ఇంటర్నెట్టులో సరుకులమ్మే కంపెనీలను ఆ శీర్షిక కిందనుంచి అలాంటి పానీయాలను తీసేయమంది. ఎన్నో ఏళ్లుగా తల్లులు నమ్మిన డబ్బాలమీదే ఆ ప్రశ్న వచ్చింది. చిన్నవాడు మరీ జాగ్రత్తగా ఉండాలి.

అయితే ఇద్దరికీ పనికివచ్చే నిజం ఏది? రెండు రోజుల తర్వాత ఆయన భార్య నోట అది మాటవరసకు వచ్చింది. "మొలకెత్తించడమేనయ్యా మాకు కష్టం, ఆ పని మేము చేసేస్తే ఇంక కాచడం పసిబిడ్డకైనా వస్తుంది" అంది. అక్కడే ఉంది చూడండి. మొలక వల్ల పొడి గడ్డకట్టదు, కాబట్టి పద్నాలుగేళ్ల పిల్ల తానే కాచుకోగలదు. మొలక వల్ల కొంత తీపి వస్తుంది, కాబట్టి బెల్లం తక్కువ పడుతుంది, తల్లికి అది ఊరట. ఒక వేరు, రెండు కొమ్మలు. పిల్లకు చెప్పేదీ తల్లికి చెప్పేదీ రెండూ ఆ వేరునుంచే రావాలని నియమం పెట్టుకున్నాం. దానినుంచి రాని మాట ఎంత అందంగా ఉన్నా వద్దు.

తరువాత మారనివి ఏవో రాసుకున్నాం. పేరు ఒకటే. రంగు ఒకటే, పండిన రాగి కంకి రంగు. గుర్తు రాగి కంకి బొమ్మ, ముడిచిన వేళ్లలాగా ఉంటుంది గదా, అది. పేరు కింద ఒకే వరుస: మొలకెత్తించిన రాగి, బెల్లం, ఏలకులు. పొట్లం చిన్నదైనా పెద్దదైనా, గోడమీద కాగితమైనా, ఈ నాలుగూ కదలవు.

పేరు దగ్గర ఒక తమాషా జరిగింది. ఆయన అనుకున్న కొత్త పేరు 'బ'తో మొదలయ్యేది. తమిళ లిపిలో పకూ బకూ ఒకటే అక్షరం, కకూ గకూ ఒకటే. తమిళంలో చదివే పిల్లలు దాన్ని 'ప' అని చదివారు, తెలుగు చదివే తల్లులు 'బ' అన్నారు. ఒకే ఇంట్లో ఒకే పొట్లానికి రెండు పేర్లు! ఇలాంటిది మదరాసులోనో హైదరాబాదులోనో కూర్చున్నవాళ్లకు తట్టదు, మనకు తట్టకపోతే తప్పు. చివరికి మకారంతో మొదలయ్యే వాళ్లమ్మ పేరు పెట్టుకున్నాడు. అది మూడు లిపుల్లోనూ ఒకేలా పలుకుతుంది.

ఇప్పుడు అసలు కష్టం. ఎవరితో ఎలా మాట్లాడాలి?

ఇంగ్లీషువాళ్లకు ఈ బాధ లేదు. పిల్లనైనా పెద్దనైనా ఒకే మాటతో పిలుస్తారు. మనకు నువ్వు ఉంది, మీరు ఉంది. తమిళంలో నీ, నీంగళ్ ఉన్నాయి, కన్నడంలో నీను, నీవు ఉన్నాయి. పిల్లతో 'తాగి చూడు' అని, తల్లితో 'తాగించి చూడండి' అని రాశామనుకోండి. వ్యాకరణం ప్రకారం రెండూ సరైనవే. కాని ఆ పొట్లమే ఒక మనిషి అనుకుని వినండి. పిల్ల భుజం మీద చెయ్యివేసి నువ్వు అంటాడు, తల్లి రాగానే చేతులు కట్టుకుని మీరు అంటాడు. అలాంటి మనిషిని మనం ఇంట్లోకి రానిస్తామా? పిల్లలు కూడా నమ్మరు. తమ యాసను అరువు తెచ్చుకుని మాట్లాడే పెద్దవాడిని పదిహేనేళ్లవాళ్లు దూరంనుంచే గుర్తుపడతారు. మొదటి పొట్లం మీద 'మచ్చా' అని ఒక మాట ఉండేది. మా తొమ్మిదో తరగతి పిల్లలు దాన్ని చూసి నవ్వింది ఇష్టంతో కాదు.

పోనీ అందరినీ మీరు అంటే? పిల్లకు అది బ్యాంకు నోటీసులాగా ఉంటుంది. అందరినీ నువ్వు అంటే తల్లికి కోపం వస్తుంది. రెండు మూడు వారాలు ఇక్కడే ఆగిపోయాం. చివరికి దొరికిన దారి చాలా చిన్నది. పొట్లం మాట్లాడటం మానేయాలి. ఇంట్లోవాళ్లే ఒకరితో ఒకరు మాట్లాడాలి.

"అమ్మా, ఇవాళ నేను కాస్తాను."

ఇంతే వాక్యం. పిల్ల దీన్ని చదివితే అది తన గొంతు. ఎవరూ తనకు ఆజ్ఞ ఇవ్వడం లేదు, తానే పని ఎత్తుకుంటోంది. తల్లి చదివితే అది తన బిడ్డ గొంతు. నువ్వు లేదు, మీరు లేదు. తమిళంలోకీ కన్నడంలోకీ మార్చినా ఈ సౌకర్యం పోదు, ఎందుకంటే ఆ భాషల్లోనూ 'నేను'కు చిన్నా పెద్దా లేదు. అమ్మ అన్న మాట మూడు భాషల్లోనూ అమ్మే. బొమ్మలో పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న పిల్ల ఉంటుంది. ఒక అచ్చులో అమ్మాయి, ఇంకో అచ్చులో అబ్బాయి. అబ్బాయిని పెట్టాలన్నది మా ఆవిడ పట్టు, ఆమె మాట నిలబడింది.

పిల్లల కోసం వేసిన కాగితానికీ పెద్దల కోసం వేసినదానికీ తేడా ఆ వాక్యం తరువాతే మొదలవుతుంది. బస్‌స్టాపు దగ్గరి అంగట్లో పెట్టే చిన్న కాగితం మీద ఎలా కాచాలో ఉంటుంది. పెద్ద చెంచాతో మూడు చెంచాల పొడి, ముందు పావుగ్లాసు చన్నీళ్లలో ఉండల్లేకుండా కలపాలి, తరువాత ముప్పావు గ్లాసు వేడిపాలలో పోసి సన్నని సెగమీద నాలుగైదు నిమిషాలు తిప్పాలి. గరిటె వెనక పలుచగా అంటుకుంటే అయినట్టే, సంగటిలా చిక్కబడాలని చూడకండి, మాల్టు అలా చిక్కబడదు. ఈ చివరి మాట లేకపోతే పిల్లలు ఇంకా చిక్కబడలేదని ఇంకో రెండు చెంచాలు వేస్తారు. కిరాణా అంగట్లో పెట్టే కాగితం మీద అదే బొమ్మ, అదే వాక్యం, కింద మాత్రం నూరు గ్రాముల్లో బెల్లం ఎంత, ఎన్ని గంటలు నానింది, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది అన్నవి. పిల్లకు పని, తల్లికి వివరం. ఈ రెండింట్లో ఏది ఎవరి కంటపడినా ఇబ్బంది లేదు.

చిన్న పొట్లం మానలేదు, ఎందుకంటే పిల్లల చేతిలో ఉండేది పది రూపాయలే. దాన్ని ఇరవై ఐదు గ్రాములు చేశాడు, అంటే సరిగ్గా ఒక గ్లాసు. గ్రాము నలభై పైసలు పడింది. పెద్ద పొట్లం నూట యాభై, గ్రాము ముప్పై పైసలు. మిగిలిన పది పైసల తేడా ఎందుకో చిన్న పొట్లం మీదనే రాయించాను: విడి పొట్లానికి కట్టుబడి ఖర్చు ఎక్కువ, ఇంట్లోకి పెద్దది కొంటే లాభం. అమ్మేవాడు పిల్లతో 'మీ అమ్మను పెద్దది కొనమను' అని చెప్పడం వేరు, పిల్ల కూడా చదివి లెక్కవేసుకునేలా ఉంచడం వేరు. మొదటిది నేను ఒప్పుకోను. బడిలో పొట్లాలు పంచిపెట్టమని ఆయన అడిగినప్పుడూ ఒప్పుకోలేదు. బడి గేటు లోపల అయ్యవారి చేతినుంచి వచ్చిన పొట్లాన్ని ఏ పిల్ల కాదంటుంది? అది అంగడి బేరం కాదు గదా. ఆయన కొన్నాళ్లు ముఖం ముడుచుకున్నాడు.

అచ్చుకు ఇచ్చేముందు పరీక్ష ఒకటి చేశాం. ఇది మీరెవరైనా చేయవచ్చు, ఖర్చు లేదు. పిల్లల కాగితాన్ని తల్లులకు ఇవ్వాలి, తల్లుల కాగితాన్ని పిల్లలకు ఇవ్వాలి. ఎవరి కాగితం వాళ్లకిస్తే అందరూ బాగుందనే అంటారు, అది పరీక్ష కాదు. తారుమారు చేసి ఇచ్చి మూడు ప్రశ్నలు అడగాలి. ఇది ఏమిటి? ఇది ఎవరికోసం? మీ ఇంట్లో రెండోవారు దీన్ని చూస్తే ఏమంటారు? మొదటి ప్రశ్నకు ఇద్దరి జవాబూ ఒకటిగా రావాలి. రెండోదానికి ఎవరూ 'నాకు కాదు' అనకూడదు. మూడోది చాలా ముఖ్యం. ఆ ప్రశ్నకు జవాబు చెప్పేముందు మనిషి కాస్త తడబడితే, కాగితాన్ని మడిచి పక్కన పెడితే, అందులో దాచాల్సిందేదో ఉందన్నమాట.

ఆయన వీధిలోని నాలుగైదు ఇళ్లలో ఇలా చూశాం. ఒక తప్పు దొరికింది. పిల్లల కాగితంలో 'టిఫిను అక్కర్లేదు' అని ఎవరో ఉత్సాహంగా ఒక ముక్క చేర్చారు. ఒక తల్లి అక్కడ వేలుపెట్టి, "అయ్యవారూ, ఇది చూస్తే మా పిల్ల ఇడ్లీ మానేస్తుంది" అంది. నిజమే, ఆ ఒక్క గ్లాసు పొద్దుటి తిండికి సరిపోదు. కొట్టేశాం. పిల్లలు పట్టుకున్న తప్పు ఇంకొకటి. పెద్దల కాగితంలో 'క్రమశిక్షణ గల పిల్లల కోసం' అని ఉంది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె, "అంటే ఇది తాగనివాళ్లు చెడ్డవాళ్లా సార్?" అంది. అదీ పోయింది. ఈ రెండు ముక్కలూ ఎవరికోసం రాశారో వాళ్లకు నచ్చినవే. పక్కవాళ్లు చదివినప్పుడే గుచ్చుకున్నాయి.

ఈ పద్ధతి అన్నిటికీ సరిపోతుందని అనను. అమ్మానాన్నలకు తెలియకూడదనే పిల్లలు కొనే వస్తువులు కొన్నుంటాయి. వాటికి ఇద్దరినీ కలిపే వాక్యం దొరకదు, దొరికిందని చెబితే అది అబద్ధం. ఆడపిల్లల నెలసరి సామాను లాంటివి ఉన్నాయి, అక్కడ దాపరికం వేరు, సిగ్గు వేరు. అక్కడ పిల్ల గొంతును వీధిలో వినిపించడం ఆ పిల్లకే కష్టం కావచ్చు, తల్లి గొంతుతో మొదలుపెట్టడమే మేలేమో. ఆ పని నేను చేయలేదు కాబట్టి ఇంతకంటే చెప్పను.

రాగి వ్యాపారం సంగతి అడుగుతారేమో. ఆయన లక్షాధికారి కాలేదు. కుర్రవాళ్లలో సగంమంది ఇంకా చిప్స్ దండ దగ్గరే నిలబడుతున్నారు. మారింది ఏమిటంటే, చిన్న పొట్లం కొన్న ఇంట్లోనే తరువాత పెద్ద పొట్లం కూడా కొంటున్నారని అంగడివాడు చెబుతున్నాడు. ముందు అలా జరిగేది కాదు. మొన్న సంతలో కలిసినప్పుడు ఆయన ఇంకో బొమ్మ చూపించాడు. బొంబాయినుంచి వచ్చిన మేనల్లుడు గీశాడట. కొత్త నల్ల పొట్లం, మళ్లీ కండల కుర్రాడు, పిల్లలకు విడిగా ఒకటుంటే ఇంకా అమ్ముడుపోతుందని. నన్ను అభిప్రాయం అడిగాడు. మీ వీధిలో ఆ రోజు వేలుపెట్టి చూపించిన అమ్మను అడగమన్నాను. ఆమె ఇంటికి వెళ్లాడో లేదో ఇంకా తెలియదు.